కారుందని కంప్యూటర్ చెప్తే రేషన్ కార్డు తీసేయొచ్చా?

చిక్కడపల్లి చదువరి (ప్రశ్న)
కారున్నవాళ్లకు రేషన్ కార్డు ఉండకూడదంటారు. అట్లా అర్హులెవరో తేల్చడానికి అన్ని శాఖల డేటా కలిపి కంప్యూటర్‌తో చూడటం మంచిదే అనిపిస్తుంది. కానీ కార్డు రద్దు చేసే ముందు ఒక మనిషి ఇంటికొచ్చి చూడాలా? లక్షల కార్డులకు అది అయ్యే పనేనా? హైదరాబాద్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

అమీర్‌పేట ఆడిటర్
అక్కర్లేదంటాను. మా వీధిలో రెండంతస్తుల ఇల్లున్నవాళ్లు తెల్ల కార్డు మీద బియ్యం తెచ్చి టిఫిన్ బండికి అమ్ముకోవడం నేను చూశాను. పాత పద్ధతిలో ఇంటింటికీ మనిషి వచ్చినప్పుడే ఆ కార్డులు పుట్టాయి. కార్పొరేటర్ మనిషికి తెలిసినవాడికి కార్డు, తెలియనివాడికి లేదు. కంప్యూటర్‌కు ఆ మొహమాటాలు లేవు. ఆధార్ నంబర్ పెడితే ఎవరి పేరు మీద కారుందో, ఎవరికి ఎంత ఆస్తి ఉందో వచ్చేస్తుంది. తప్పుకు తావెక్కడ?

డేటా పనిలో ఉన్నా
ఆడిటర్ గారూ, పాత కార్డుల గురించి మీరు చెప్పింది నిజం. ఆధార్ సంగతి మాత్రం అట్లా కాదు. తెలంగాణలో వాడిన సమగ్ర వేదిక దాదాపు 30 శాఖల డేటాను కలిపి చూసే వ్యవస్థ. అందులో చాలా రికార్డులకు ఆధార్ నంబరే లేదు. ఆధార్ రాకముందు రిజిస్టరైన కార్లకు ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి సాఫ్ట్‌వేర్ పేరు, తండ్రి పేరు, చిరునామా లాంటివి పోల్చి, రెండు రికార్డులూ ఒకే మనిషివి కావచ్చని మార్కులు వేస్తుంది. ఒక గీత దాటితే "ఒకే మనిషి" అంటుంది.

ఆ పోలిక హైదరాబాద్‌లో ఎంత కష్టమో చూడండి. మహమ్మద్ అనే పేరును ఒక శాఖ ఎండీ అని, ఇంకొకటి మొహమ్మద్ అని, మరొకటి మహ్మద్ అని ఎక్కించింది. తెలుగువాళ్ల ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరం. కె. లక్ష్మి అంటే ఈ ఊర్లో ఎంతమంది? పాతబస్తీలో ఒకే ఇంటి నంబర్ కింద నాలుగైదు కుటుంబాలు అద్దెకుంటాయి. ఇన్ని తేడాలున్నా పట్టుకోవాలని పోలికను సడలిస్తే వేరే మనుషులు ఒక్కటైపోతారు. బిగిస్తే నిజంగా కారున్నవాళ్లు జారిపోతారు. గీత ఎక్కడ గీయాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే విషయం కాదు, ఎవరి మీద తప్పు పడినా పర్లేదనుకుంటామో దాన్ని బట్టి మనుషులు తేల్చేది.

ఊహకు ఒక లెక్క వేస్తాను. లక్ష కార్డులు, అందులో నిజంగా కారున్నవి 2,000 అనుకోండి. సాఫ్ట్‌వేర్ వాటిలో 1,800 పట్టుకుంది. మిగతా 98,000లో నూటికి ఒక్కరికే పొరపాటున వేరేవాళ్ల కారు తగిలించింది, అంటే 980. మొత్తం జాబితా 2,780. అందులో మూడో వంతుకు పైగా కారు లేనివాళ్లే. నూటికి ఒకటే తప్పు అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జాబితాలోనే ఇట్లా అవుతుంది, ఎందుకంటే పేదల కార్డుల్లో కార్లున్నవాళ్లు మొదటి నుంచీ తక్కువ.

కూకట్‌పల్లి రాజు
అన్నా, నాది ఇదే ప్రాబ్లం. మా పాపకు కేవైసీ కాలేదని డీలర్ అంటున్నడు, వేలిముద్ర పడ్తలేదు. సమగ్ర వేదికలో ఆపేసిన్రా?

డేటా పనిలో ఉన్నా
కాదు రాజన్నా, అది వేరు. వేలిముద్ర పడనిది మిషన్ దగ్గర. ఇక్కడ మాట్లాడుతున్నది మనం ఎక్కడికీ పోకుండానే వెనకాల రికార్డులు పోల్చి తీసేయడం గురించి.

బోరబండ సల్మా
మా నాన్నది చెప్తాను. ఆయన కిరాయి ఆటో నడుపుతారు. మేం నలుగురం, మనిషికి ఆరు కిలోల చొప్పున నెలకు 24 కిలోలు వచ్చేవి. ఒక నెల రేషన్ షాపుకు పోతే డీలర్ మిషన్‌లో కార్డు లేదన్నాడు. కాగితం రాలేదు, ఫోన్ రాలేదు. ఆఫీసులో అడిగితే "ఫోర్ వీలర్ ఉంది" అన్నారు. లేదని రాసిస్తే, లేనట్టు రుజువు తెమ్మన్నారు. లేని కారుకు రుజువు ఎట్లా తేవాలి?

చివరికి అక్కడే ఒక క్లర్క్ జాలిపడి బండి నంబర్ చెప్పాడు. నంబర్ చూడగానే నాన్నకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద అప్పు చేసి పాత మారుతి వ్యాన్ కొని స్కూల్ పిల్లలను తిప్పేవారు. అప్పు కట్టలేక అమ్మేశారు. కొన్నతను పేరు మార్చుకోలేదు. ఆ వ్యాన్ ఇప్పుడు తుక్కయిందో, ఎక్కడైనా తిరుగుతుందో మాకు తెలియదు.

అమీర్‌పేట ఆడిటర్
అమ్మా, అట్లయితే అది కంప్యూటర్ తప్పు కాదు కదా. రికార్డు ప్రకారం వ్యాన్ మీ నాన్నగారిదే. అమ్మినప్పుడు ఫారం 29, 30 ఇచ్చి పేరు మార్పించాల్సింది. చట్టంలో అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలని ఉంది.

డేటా పనిలో ఉన్నా
నిజమే, జత సరిగ్గానే కుదిరింది. అందుకే ఈ కేసు చాలా ముఖ్యం. నేను చెప్పిన పేర్ల గందరగోళాన్ని మంచి సాఫ్ట్‌వేర్‌తో కొంత తగ్గించొచ్చు. దీన్ని మాత్రం ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కూడా పట్టుకోలేదు. మనిషి సరైనవాడే, రికార్డూ అతనిదే, కానీ ఆ ఇంట్లో కారు లేదు. ఇంటికి పోయి చూస్తేనే తెలుస్తుంది. ఫారం ఇవ్వలేదన్న తప్పుకు రవాణా చట్టంలో జరిమానా వేసుకోనివ్వండి. బియ్యం ఆపడం ఏ చట్టంలోనిది?

రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్
నేను పౌరసరఫరాల శాఖ సర్కిల్ ఆఫీసులో పనిచేసి దిగిపోయినవాణ్ణి. మా చేతికొచ్చిన జాబితాలో కార్డు నంబర్ పక్కన "ఫోర్ వీలర్" అని ఒక్క మాట ఉండేది. బండి నంబర్ లేదు, ఏ ఏడు రిజిస్టరైందో లేదు. మేం ఏం పరిశీలించాలి? ఇంటికి పోతే ఇంటామె కారు లేదంటుంది, జాబితా ఉందంటుంది. పై నుంచి వచ్చిన జాబితాను కాదని రాస్తే రేపు మెమో నాకొస్తుంది, ఉందని రాస్తే ఎవరూ అడగరు. మనిషి పరిశీలించాడని కాగితం మీద ఉంటుంది, నిజానికి మనిషి సంతకమే ఉంటుంది.

చదువరి గారు అయ్యే పనేనా అని అడిగారు. డేటా అన్న లెక్కే తీసుకోండి. లక్ష ఇళ్లు తిరగనక్కర్లేదు, తగిలిన 2,780 చాలు. రోజుకు 15 ఇళ్లు చూసినా ఒక్క మనిషికి 185 రోజులు, పది మందికి 19 రోజులు చాలు. బండి నంబర్ ఇస్తే చాలామటుకు ఇంటికి కూడా పోనక్కర్లేదు. ఆర్‌సీలో ఉన్న యజమాని పేరు, తండ్రి పేరు, చిరునామా పక్కన పెట్టి చూస్తే వేరే మనిషైతే ఆఫీసులోనే తేలిపోతుంది. మిగిలింది సల్మా వాళ్ల నాన్నలాంటి కేసులు. వాటికి పోయి తీరాలి.

న్యాయ సహాయం, నాంపల్లి
కోర్టు సంగతి చెప్పాలి. 2016 నుంచి తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు వాటన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. మళ్లీ చూడమని 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. జులై చివరికి 2,05,734 చూశారు. అందులో 15,471 కుటుంబాలు అర్హులని తేలింది.

అమీర్‌పేట ఆడిటర్
అంటే ఏడున్నర శాతం. మిగతా తొంభై రెండున్నర శాతం సరిగ్గానే తీసేసినట్టు కదా!

న్యాయ సహాయం, నాంపల్లి
ఆ అంకె అంత గట్టిది కాదండీ, రెండు వైపులా. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో తమకు అన్యాయం జరిగిందని నమ్మినవాళ్లే ఎక్కువ ఉంటారు, కాబట్టి మొత్తం 19 లక్షల్లో శాతం తక్కువే కావచ్చు. ఇటు చూస్తే కార్డు పోయాక ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు, తిరిగి తిరిగి వదిలేసినవాళ్లు ఆ లెక్కలోకే రాలేదు. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పినట్టు జాబితానే నమ్మి "అనర్హులు" అని రాసినవి ఎన్నో తేలాలి. నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే: ఆ 15,471 ఇళ్లలో తిండిగింజలు ఆగిపోయాయి, వాళ్లు అర్హులని కోర్టు చెప్పాకే తేలింది.

అందుకే నేను అడిగేది మూడు మాటల్లో ఉంది. ముందు నోటీసు ఇవ్వండి. ఆ నోటీసులో బండి నంబర్ రాయండి, ఎందుకంటే "మీకు కారుంది" అన్నదాన్ని ఎవరూ ఖండించలేరు, ఫలానా నంబర్ బండి మీదంటే ఖండించొచ్చు. తేలేదాకా బియ్యం ఆపకండి. జరిగింది తలకిందులు: ముందు రద్దు, తర్వాత ప్రశ్న, రుజువు భారం పేదవాళ్ల మీద.

సల్మా గారూ, కారణం ఏమిటో, ఏ రికార్డు ఆధారంగా తీశారో రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. 2013 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 15 కింద ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆయన తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు పోవచ్చు. అర్జీ ఇచ్చినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకోకుండా రాకండి. ప్రజావాణిలో ఇచ్చినా సరే, ఒక ప్రతి మీ దగ్గర ఉండాలి.

కూకట్‌పల్లి రాజు
మరి మా బావది? ఓలా, ఊబర్‌ల నడిపేటందుకు లోన్ మీద కారు తీసుకున్నడు. కిస్తీ కట్టంగ మిగిలేది కిరాయికే చాలదు. కారైతే ఆయన పేరు మీదనే ఉన్నది.

రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్
రాజూ, నా సర్వీసులో నన్ను ఇబ్బంది పెట్టిన కేసులు ఇవే. పసుపు నంబర్ ప్లేటుంటే అది బతుకుదెరువు అని నేను రాసేవాణ్ణి. నా పక్క సీటాయన ఫోర్ వీలర్ అంటే ఫోర్ వీలరే అని రాసేవాడు. ఇద్దరం మనుషులమే, ఒకే ఆఫీసు.

అమీర్‌పేట ఆడిటర్
చూశారా, మనిషి చేతికిస్తే ఇదే గొడవ. అయినా నోటీసులో బండి నంబర్ ఉండాలన్న మాట ఒప్పుకుంటాను. మా పనిలో కూడా ఏ వోచరో చెప్పకుండా తప్పుంది అని రాస్తే ఆ నివేదిక చెల్లదు. కానీ తేలేదాకా బియ్యం ఇవ్వాలంటే, తేల్చడానికి గడువు పెట్టాలి. లేదంటే అర్జీ పెట్టినవాడల్లా ఏళ్ల తరబడి తీసుకుంటాడు.

డేటా పనిలో ఉన్నా
గడువు పెట్టండి, ఆఫీసుకు పెట్టండి. గడువు దాటితే కార్డు నిలబడాలి, పోకూడదు.

బోరబండ సల్మా
మేడమ్, కార్డు మళ్లీ వచ్చింది. కానీ మధ్యలో ఏడాదిన్నర బియ్యం కొనుక్కున్నాం. అది 432 కిలోలు. ఆ మాట ఎత్తితే ఆఫీసులో నవ్వారు. అది అడగడానికి వీలుందా?

న్యాయ సహాయం, నాంపల్లి
నవ్వేది కాదు. చట్టం సెక్షన్ 8లో, రావాల్సిన ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని ఉంది. కార్డే లేనప్పుడు మీరు హక్కుదారు కాదు కదా అని వాళ్లంటారు. రద్దే చెల్లనప్పుడు ఆ నెలలన్నీ హక్కుదారులమే అని మనం అనాలి. ఇది తేలిన విషయం కాదు, వాదించాల్సింది. కేంద్రం చట్టం ప్రకారం మనిషికి ఐదు కిలోలే, ఆరోది రాష్ట్రం ఇచ్చేది, కాబట్టి లెక్క 360 కిలోల మీద వేయండి. డీలర్ దగ్గర చివరిసారి తీసుకున్న రసీదు, కార్డు మళ్లీ వచ్చిన తేదీ ఉన్న కాగితం రెండూ పట్టుకుని రండి, అర్జీ రాద్దాం.