అప్‌డేట్: లూపస్‌తో ఇంటి నుంచి సంపాదన, చివరికి కుదిరింది ఇదీ

"లూపస్ అనే దీర్ఘకాలిక జబ్బు ఉంది. ఒకరోజు బాగుంటాను, మర్నాడు మంచం దిగలేను. కుట్టుపని వదిలేసి ఇంకేదైనా చూసుకోవాలా?" అని మార్చిలో అడిగాను.

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పని కాదు, గడువు వదిలేయమన్న ఒక అక్క మాటే పనిచేసింది. నాలుగు వారాలు క్యాలెండర్‌లో గుర్తుపెడితే, 28 రోజుల్లో కుట్టగలిగిన రోజులు 12. అందుకే జాకెట్ల ఆర్డర్లు ఆపేశాను, పెళ్లి రోజుకి అందకపోతే ఎంత బాధో నాకు తెలుసు. ఇప్పుడు ఓపికున్నప్పుడు లంగాలు, పిల్లల గౌన్లు కుట్టి బీరువాలో పెడతాను, పూర్తయ్యాకే వాట్సాప్‌లో ఫొటో. బాగున్న రోజైనా రెండు గంటలు కుట్టగానే మిషన్ ఆపేస్తాను. మొదట్లో ఆరు గంటలు కుట్టి మూడు రోజులు పడుకున్నాను, డాక్టర్ గారు కూడా అలా చేయొద్దన్నారు.

డేటా ఎంట్రీ కుదరలేదు, రోజూ లాగిన్ తప్పదన్నారు. నెలకు 3,000 దాకా మిగులుతోంది. మందులకు సరిపోతుంది, అద్దెకు చాలదు.