పెళ్లి విజయవాడలో, భర్త డల్లాస్‌లో, భార్య మలక్‌పేటలో: విడాకుల పిటిషన్ ఎక్కడ వేయాలి?

మూసీ ఒడ్డు: మా చెల్లి తరఫున అడుగుతున్నా. హిందూ పెళ్లి, 2021లో విజయవాడలో జరిగింది. తర్వాత ఇద్దరూ డల్లాస్‌లోనే కాపురం పెట్టారు. ఎనిమిది నెలల క్రితం వచ్చేసి మలక్‌పేటలో అమ్మావాళ్ల దగ్గరే ఉంటోంది. ఇక్కడ కేసు వేయవచ్చా? ఈలోగా బావ డల్లాస్ కోర్టులో విడాకులకు వేశాడు. ఆ కాగితాలు వాట్సాప్‌లో పంపాడు.

గుంటూరు కారం: చివరిగా కలిసి కాపురం చేసింది డల్లాస్‌లో కదా, అక్కడే తేల్చుకోవాలి. లేదంటే పెళ్లి జరిగిన విజయవాడ. హైదరాబాద్ కుదరదు.

పాతబస్తీ వకీలు: సగమే నిజం, గుంటూరు గారూ. విజయవాడలో వేయవచ్చు, నిజమే. కానీ హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్‌లో 2003లో ఒక క్లాజు చేర్చారు: పిటిషన్ వేసేది భార్య అయితే, వేసే రోజున ఆమె నివసిస్తున్న చోటి కోర్టుకూ అధికారం ఉంటుంది. పెళ్లి ఎక్కడైంది, కాపురం ఎక్కడ చేశారు అన్న ప్రశ్న ఆ క్లాజుకు అక్కర్లేదు. మలక్‌పేట హైదరాబాద్ జిల్లాలోనిది కాబట్టి పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలి. వనస్థలిపురం అయితే రంగారెడ్డి జిల్లా, ఎల్.బి.నగర్ కోర్టులు. తప్పు చోట వేస్తే కోర్టు పిటిషన్‌ను తిప్పి ఇస్తుంది. మళ్లీ మొదటి నుంచి నంబరు, నోటీసు.

తేడా వచ్చేది "నివసిస్తున్న" అనే మాట దగ్గరే. కేసు కోసం వారం రోజులు వచ్చి దిగితే నివాసం కాదు. ఎనిమిది నెలలుగా ఇక్కడే ఉందని చూపడానికి ఇమిగ్రేషన్ ముద్ర ఉన్న పాస్‌పోర్టు పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ చిరునామా, ఇక్కడ ఉద్యోగం ఉంటే ఆ కాగితం పెట్టండి. పిటిషన్‌లో "ఈ కోర్టుకు అధికారం ఎలా ఉంది" అన్న పేరాలో తేదీలతో రాయాలి. అవతలివాళ్లు ముందు కొట్టేది ఆ పేరానే.

ఇంకొకటి, భర్త వదిలేశాడన్న కారణం రెండేళ్లు నిండితేగానీ పనికిరాదు. ఎనిమిది నెలలతో కుదరదు. క్రూరత్వం అయితే ఆ గడువు లేదు.

కోఠి సెంటర్: నాది తిరగేసిన కేసు. నేను హైదరాబాద్‌లో, ఆవిడ అమెరికాలో. మగవాళ్లకు ఆ సౌకర్యం లేదు కదా, అక్కడికి పోయి వేయాలా?

పాతబస్తీ వకీలు: అక్కర్లేదండీ. అవతలివాళ్లు చట్టం వర్తించే ప్రాంతానికి బయట ఉంటే, వేసేవాళ్లు భర్తయినా భార్యయినా తాము ఉన్నచోట వేయవచ్చు. అదీ 19లోనే ఉంది. ఆవిడ బెంగళూరులో ఉంటే మాత్రం ఈ దారి మీకు లేదు. అప్పుడు పెళ్లైన చోటో, చివరిగా కలిసి ఉన్న చోటో, ఆవిడ ఉన్న చోటో చూసుకోవాలి.

మూసీ ఒడ్డు: డల్లాస్ కేసు సంగతి? పట్టించుకోకుండా వదిలేయమంటున్నారు కొందరు.

పాతబస్తీ వకీలు: వదిలేయకండి. రెండు విషయాలు విడదీసి చూడాలి.

మొదటిది, అక్కడి తీర్పు ఇక్కడ చెల్లుతుందా అన్నది. 1991లో సుప్రీంకోర్టు వై. నరసింహారావు కేసులో గీత గీసింది. ఆ పెళ్లి తిరుపతిలో జరిగింది, విడాకులు మిస్సోరీలో తెచ్చుకున్నారు. ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో ఆ చట్టంలో ఉన్న కారణంపైనే విడాకులు రావాలి, లేదా అవతలివాళ్లు ఒప్పుకోవాలి అన్నది దాని సారం. టెక్సాస్‌లో మామూలుగా వేసేది "ఇక కలిసి బతకలేం" అన్న కారణం. మన చట్టంలో అలాంటి కారణం లేదు. కాబట్టి మీ చెల్లి ఒప్పుకోకపోతే ఆ డిక్రీ ఇక్కడ నిలబడటం కష్టం. తెలియక ఒప్పంద కాగితంపై సంతకం పెడితే మాత్రం ఆ రక్షణ పోతుంది.

రెండోది, డల్లాస్‌లో ఆస్తి, బ్యాంకు ఖాతాలు ఉంటే అక్కడి డిక్రీ అక్కడ అమలవుతుంది. అందుకే అక్కడి లాయర్‌తో ఒక్కసారైనా మాట్లాడాలి. సమన్లు సరిగ్గా అందితే, 20 రోజులు దాటాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోపు జవాబు వేయాలి. అధికారాన్ని ప్రశ్నించదలిస్తే ఆ అభ్యంతరం మిగతా జవాబు కన్నా ముందే వేయాలి. లేకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

బంజారా అమ్మాయి: వాట్సాప్‌లో పంపితే సమన్లు అందినట్టేనా?

పాతబస్తీ వకీలు: విదేశీ సమన్లు పోస్టులో నేరుగా పంపడానికి హేగ్ ఒప్పందంలో భారత్ అభ్యంతరం చెప్పింది. కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. ఆ లోపాన్ని అక్కడి లాయర్ ఎత్తిచూపవచ్చు. అయినా ఫోన్‌లోని ఆ మెసేజ్, తేదీతో సహా, దాచిపెట్టండి.

గుంటూరు కారం: బావకు అక్కడి పౌరసత్వం వచ్చేసి ఉంటే? మన చట్టం వర్తించదంటారు.

పాతబస్తీ వకీలు: పౌరసత్వం ఒక్కటే చూడరు. శాశ్వతంగా ఎక్కడ స్థిరపడాలన్నది అతని ఉద్దేశం అన్నది కూడా చూస్తారు. ఈ మెలిక మీద కోర్టులు ఒకే మాట చెప్పడం లేదు. మూసీ గారూ, ఆయన వీసా ఏది? గ్రీన్‌కార్డా, ఉద్యోగ వీసానా?

మూసీ ఒడ్డు: ఉద్యోగ వీసానే. గ్రీన్‌కార్డుకు వేశాడని చెల్లి అంటోంది. పాస్‌పోర్టు పేజీ, బ్యాంకు కాగితాలు ఈ రాత్రికే తీస్తాను.