అట్టపెట్టెలకు ఐదు కొటేషన్లు వచ్చాయి, కానీ పోల్చలేకపోతున్నా. సలహా ఇవ్వండి

నమస్కారం అండీ. గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న పచ్చళ్ల ప్యాకింగ్ యూనిట్. అరకిలో గాజు సీసాలు 12 పట్టే పెట్టెలు 5,000 కావాలని ఐదుగురు సప్లయర్లకు మెయిల్ పెట్టాను. "ఐదు పొరల అట్ట, 33×25×13 సెం.మీ." అని మాత్రమే రాశాను. తప్పు నాదే.

కొలత లోపలిదా, బయటిదా అని చెప్పలేదు. ఇద్దరు బయటి కొలతకు రేటు ఇచ్చారు. అట్ట మందం పోగా లోపల సెంటీమీటరు పైనే తగ్గింది. శాంపిల్ పెట్టెలో వరుసకు నాలుగో సీసా దూర్చితే పక్క గోడ ఉబ్బిపోయింది. కాగితం జీఎస్ఎం కూడా రాయలేదు, అందుకే అందరికంటే తక్కువ రేటు ఇచ్చినాయన 150 బదులు 120 వేశారు. మన వైజాగ్ తేమకు అది మెత్తబడుతుందని నా భయం. ఒకరి ధర రవాణాతో కలిపి, ఇంకొకరిది ఫ్యాక్టరీ గేటు దగ్గరిది.

ఇప్పుడు ఐదుగురికీ ఒకే మెయిల్ మళ్లీ పంపుతున్నా: లోపలి కొలత, ప్రతి పొర జీఎస్ఎం, బరస్టింగ్ స్ట్రెంత్ రిపోర్టు, సీసాల మధ్య అడ్డుముక్కల ధర విడిగా, జీఎస్టీ విడిగా, మా గుమ్మం దాకా రేటు. రెండు విడతల్లో 2,500 చొప్పున. గడువు శుక్రవారం సాయంత్రం 5 గంటలు.

ఒకాయన అప్పుడే ఫోన్ చేసి "సోమవారం దాకా ఆగండి సార్" అన్నారు. ఆయనకు ఇస్తే మిగతా నలుగురికీ పొడిగించాలి కదా? తేమ విషయంలో ఆ మెయిల్‌లో ఇంకేం అడగాలి? ఈ పని చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.