34 మందికి ఒకే ప్లాన్ షీట్: ఒక్కొక్కరి మార్పులను ఎక్కడ పెట్టాలి?

నమస్కారం అండీ. నేను విజయవాడలో జిమ్ ట్రైనర్‌ని. నా దగ్గర 34 మంది క్లయింట్లు ఉన్నారు, అందరికీ ప్లాన్ రాసేసరికి ఆదివారం మొత్తం అయిపోతోంది. అందుకే గూగుల్ షీట్స్‌లో నాలుగు వారాల బ్లాక్ ఒకటి తయారుచేశాను. అందులో వ్యాయామాల పేర్లకు బదులు కదలికలు పెట్టాను: స్క్వాట్, హింజ్, పుష్, పుల్. మూడు వారాలు బరువు పెరుగుతుంది, నాలుగో వారం సెట్లు సగానికి తగ్గుతాయి.

ఒక్కో క్లయింట్‌కు ఒక్కో ట్యాబ్. D కాలమ్‌లో నేను ఏదైనా రాస్తే అది, లేకపోతే మాస్టర్‌లో, అంటే Blocks ట్యాబ్‌లో ఉన్నది వస్తుంది:

```
=IF(D5<>"", D5, VLOOKUP(A5, Blocks!A:C, 2, FALSE))
```

వ్యాయామం పేరు వరకు బాగానే ఉంది. చిక్కంతా బరువు దగ్గరే. 52 ఏళ్ల ఒకావిడకు బాగా కిందికి కూర్చుంటే మోకాలు నొప్పి. అందుకని D లో బాక్స్ స్క్వాట్ అని రాశాను. పేరు మారింది గానీ, వారానికి 2.5 కిలోలు పెంచే లెక్క మాత్రం మాస్టర్ నుంచే వచ్చింది. మూడో వారం చివరి రెండు రెప్స్‌లో ఆవిడ అదుపు తప్పి బాక్స్ మీద కూలబడ్డారు. అప్పుడు గానీ నేను గమనించలేదు. చాలా బాధేసింది. ఆవిడకు ఒక కిలో పెంచితే చాలు.

బరువు పెంపును వ్యాయామాల జాబితాలో పెట్టాలా, క్లయింట్ ట్యాబ్‌లోనే ఇంకో కాలమ్ ఇవ్వాలా?

ఇంకొకటి. మోకాలి నొప్పి లాంటి మార్పు తర్వాతి బ్లాక్‌లోనూ ఉండాలి, ఊరెళ్లిన వారం కోసం చేసిన మార్పు పోవాలి. ప్రస్తుతం రెండూ D లోనే కలిసిపోయాయి. ఎక్కువమందిని చూసుకునే ట్రైనర్లు వీటిని ఎలా విడదీస్తున్నారో చెప్పగలరా?