అప్‌డేట్: ఆటల పీరియడ్‌లో ఆటిజం ఉన్న బాబు

నా ప్రశ్న: "ఆటిజం ఉన్న నాలుగో తరగతి బాబు ఈల వినగానే చెవులు మూసుకొని మైదానం వదిలి వెళ్లిపోతున్నాడు, ఏం చేయాలి?"

విజయనగరం జిల్లాలోని మా బడిలో ఇప్పుడు ఈలకు బదులు పచ్చజెండా ఎత్తుతున్నాను. పరుగు, బంతి విసరడం, నీళ్లు తాగడం, తరగతికి తిరిగి వెళ్లడం అనే నాలుగు బొమ్మలు అట్టపై రోజూ అదే వరుసలో ఉంటాయి. ఒక్కో పని ముగియగానే బాబే ఆ బొమ్మను తీసి "అయిపోయింది" డబ్బాలో వేస్తాడు. వేపచెట్టు కింద చాప పరిచిన చోటు శిక్ష కోసం కాదని పిల్లలందరికీ చెప్పాను. అతడు విశ్రాంతి బొమ్మ చూపితే కారణం అడగకుండా పంపి, తిరిగి వచ్చాక అట్టపై మిగిలిన బొమ్మతోనే మొదలుపెడతాను. వాన వల్ల ఆట వరండాలోకి మారిన రోజు మాత్రం బాగా కలత చెందాడు కాబట్టి, ఇకపై మార్పు బొమ్మను తరగతిలోనే ముందుగా చూపిస్తున్నాను. బంతి ఆటలోనే పదేపదే చాప దగ్గరికి వెళ్తున్నాడని గమనించి, మెత్తని గుడ్డబంతి ఇచ్చి, ఎదురుగా ఒక్క స్నేహితుణ్నే నిలబెట్టాను.