‘సొంత మాటల్లో’ అంటే ప్రతిపదార్థమా, తాత్పర్యమా?

తార్నాక అమ్మాయి
పెద్దలకు నమస్కారం. ఒక మాట కోసం వచ్చాను. ఎంబీఏ చివరి సెమిస్టరు పిల్లల చేత ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ రిపోర్టులు రాయించే పని నాది. రాసేది ఇంగ్లీషులోనే అయినా క్లాసులో చెప్పుకునేదంతా తెలుగే. ‘పారాఫ్రేజ్ చెయ్యండి’ అంటే మొహాలు చూసుకున్నారు. సరే, ‘సొంత మాటల్లో రాయండి’ అన్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాఠం కోసం నేనే ఒక వాక్యం కట్టుకున్నాను. ఏదో పుస్తకంలో 42వ పేజీలో ఉందనుకోండి:

“పని పరిధి మధ్యలో పెరిగినప్పుడు గడువూ ఖర్చూ పెంచకుండా నెట్టుకురావాలని చూస్తే నాణ్యత దెబ్బతింటుంది. అందుకే ప్రతి మార్పునూ రాతలో పెట్టి, దాని ప్రభావం లెక్కగట్టాకే ఒప్పుకోవాలి.”

ఒక కుర్రాడు రాసి తెచ్చింది ఇది:

“కార్య విస్తృతి నడుమ అధికమైనప్పుడు కాలపరిమితీ వ్యయమూ హెచ్చించకుండా లాక్కురావాలని ప్రయత్నిస్తే నాణ్యత క్షీణిస్తుంది. కనుక ప్రతి సవరణనూ లిఖితపూర్వకం చేసి, దాని పర్యవసానం అంచనా వేశాకే ఆమోదించాలి.”

ఎక్కడా ఎవరి పేరూ లేదు. అడిగితే “సొంత మాటల్లోనే రాశాను కదా మేడం, ఇంక పేరెందుకు?” అన్నాడు. నేను చెప్పింది అతను చేశాడు మరి! పారాఫ్రేజ్‌కి ఇంతకంటే మంచి తెలుగు మాట ఏదైనా ఉందా?

ఉప్పల్ సైట్
అక్కా, గింత పరేషాన్ ఎందుకు? 14 పదాల దాకా కలిస్తే కాపీ కాదని యూజీసీ రూల్ల ఉన్నది. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ల 10 శాతం లోపల వస్తే ఎవ్వరేమనరు. పిలగాడు రాసిన దాంట్ల వరుసగ నాలుగు మాటలు గూడ కలుస్తలేవు. వదిలెయ్.

మెతుకుసీమ
అమ్మా, బడిలో మనకు పద్యం ఎట్లా చెప్పేవారో ఒకసారి గుర్తు తెచ్చుకో. ముందు ప్రతిపదార్థం: మాటకు మాట, ఉన్న వరుసలో. తరువాత తాత్పర్యం: మొత్తం పద్యం ఏమంటున్నదో అది. మీ కుర్రవాడు రాసింది అచ్చంగా ప్రతిపదార్థం. ‘ఖర్చు’ ఉన్నచోట ‘వ్యయం’, ‘గడువు’ ఉన్నచోట ‘కాలపరిమితి’. కర్త కర్మ క్రియలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నువ్వు అడగవలసింది తాత్పర్యం.

ఇంకొక మాట. తాత్పర్యం ఎవరు రాసుకున్నా పద్యం మాత్రం కవిదే. తాత్పర్యం నాది కనుక పద్యం కూడా నాదే అన్న విద్యార్థిని నా ముప్పై ఏండ్ల కొలువులో చూడలేదు. పేరెందుకు అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

గ్రంథాలయం మెట్లు
మాస్టారి మాటకు నాదొక చేర్పు. ఆ కుర్రాడు చేసినదానికి ఇంగ్లీషులో ‘ప్యాచ్‌రైటింగ్’ అని పేరుంది, రెబెకా మూర్ హోవార్డ్ అనే ఆచార్యురాలు వాడుకలోకి తెచ్చిన మాట. మన అతుకుల బొంత అన్నమాట: గుడ్డ ఇంకొకరిది, కుట్టు మనది. చాలాసార్లు ఇది దొంగబుద్ధితో జరగదని, విషయం ఇంకా వంటబట్టని వాళ్లు రాసే తీరు అలాగే ఉంటుందని ఆవిడ వాదన. మా లైబ్రరీకి వచ్చే పిల్లల్ని చూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది.

ఉప్పల్ తమ్ముడూ, నువ్వు చెప్పినవి రెండూ 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఉన్నమాట నిజమే, కానీ నువ్వు చదివిన తీరు వేరు. 14 పదాల సంగతి అందరికీ తెలిసిన విషయాలకు, యాదృచ్ఛికంగా కలిసే పదబంధాలకు. పోలిక లెక్కేసేటప్పుడు వాటిని పక్కన పెట్టమన్నారు. 13 మాటలు ఎత్తుకుని 14వది మార్చెయ్యమని కాదు. 10 శాతం దాకా శిక్ష లేదన్నారు, ఆ 10 శాతం ఎవరి పేరూ లేకుండా వాడుకోమనలేదు. పైగా అవి ముఖ్యంగా థీసిస్‌ల కోసం. ప్రాజెక్టు రిపోర్టుకు మీ కాలేజీ ఏం పెట్టుకుందో అది వేరే చూసుకోవాలి.

అసలు సాఫ్ట్‌వేర్ చూసేది అక్షరాలు ఎంత కలిశాయన్నదే. పేరు చెప్పి, కొటేషన్ గుర్తులు పెట్టి ఎత్తి రాసిన నిర్వచనం కూడా అందులో రంగు పూసుకుని కనిపించొచ్చు. ఈ అతుకుల బొంత మాత్రం 2 శాతంతో బయటపడిపోవచ్చు. మొదటిది తప్పు కాదు, రెండోది తప్పు.

సీసపద్యం
భావచౌర్యం గురించి చర్చ మొదలుపెట్టినందుకు ధన్యవాదాలు. నా ఉగాది పద్యం ఒకటి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పేరు లేకుండా తిరిగింది. ఐదో గ్రూపులో ఒకాయన తన ఫొటో పెట్టి నాకే పంపించాడు! దీనికి ఏ శిక్ష ఉందో చెప్పగలరు.

మెతుకుసీమ
సీసం గారూ, మీ బాధ వేరు. అది మక్కికి మక్కి. ఇక్కడ మాట్లాడుతున్నది మాట మారి ఒళ్లు మారని సంగతి.

తార్నాక అమ్మాయి
తాత్పర్యం అన్న మాట నచ్చింది మాస్టారూ. కానీ వాళ్లను ఎలా రాయించాలి? ఆ వాక్యం మీదే చూపిస్తారా ఎవరైనా?

గ్రంథాలయం మెట్లు
నేను చెప్పే పద్ధతి ఇది. పేరా చదివాక పుస్తకం మూసెయ్యాలి. కాసేపాగి, పక్కవాడికి నోటితో చెప్పినట్టు రాయాలి. అప్పుడు పుస్తకం తెరిచి పక్కపక్కన పెట్టుకోవాలి. చూడాల్సింది పదాలను కాదు, వాక్యం నడకను. అదే వరుస, అదే ‘అందుకే’ అదే చోట ఉంటే మళ్లీ మూసి రాయాలి. పేరు, సంవత్సరం అప్పుడే రాసెయ్యాలి. చివర్లో పెడదాం అనుకున్నవి ఎప్పటికీ పెట్టరు.

తెరిచిన పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఎంత తెలివైనవాళ్లు రాసినా బొంతే వస్తుంది. ఇంకో జాగ్రత్త నోట్సు దగ్గర. ఎత్తి రాసుకున్న ముక్కకు నోట్సులోనే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు పెట్టుకోకపోతే, రెండు వారాల తరవాత అది పుస్తకం వాక్యమో తన వాక్యమో రాసినవాడికే తెలియదు.

ఉప్పల్ తమ్ముడూ, మీ సైటులో మధ్యలో మార్పులు వచ్చాయా? నీ కథతోనే చూపిస్తాను.

ఉప్పల్ సైట్
రాకుంటెట్ల అక్కా! గోడౌన్ కట్టినం. ఓనర్ ఫోన్లనే మూడు మార్పులు చెప్పిండు. షట్టర్ జరిపిండు, మెజనైన్ వేయమన్నడు, ర్యాంప్ వెడల్పు జేయమన్నడు. కాగితం మీద ఒక్కటి లేదు. ఐదు వారాలు లేటయింది. బిల్లు కాడ లొల్లి.

గ్రంథాలయం మెట్లు
ఇదిగో, ఇలా రాయొచ్చు:

“మార్పును లెక్కగట్టకుండా ఒప్పుకుంటే ఆ భారం చివరికి నాణ్యత మీదే పడుతుందని రచయిత ఇంటిపేరు (2019) హెచ్చరించారు. మా గోడౌన్ పనిలో మూడు మార్పులు ఫోన్ మీదే ఒప్పుకున్నాం. అయితే మా విషయంలో నాణ్యత కంటే ముందు గడువు దెబ్బతింది: పని ఐదు వారాలు ఆలస్యమైంది.”

మొదటి వాక్యం పుస్తకానిది, పేరు అందులోనే ఉంది. తరవాతివి రెండూ నీవి. పేరా మొత్తం రాసి చివర ఒక్క బ్రాకెట్ పెడితే ఏది ఎవరిదో తేలదు. మూడో వాక్యం గమనించావా? పుస్తకం నాణ్యత అంది, నీ అనుభవం గడువు అంది. పదాలు మార్చుకుంటూ కూర్చున్నవాడికి ఈ వాక్యం దొరకదు.

మూలాలను చూపించే ఏపీఏ పద్ధతిలో ఇలా తాత్పర్యం చెప్పినప్పుడు పేజీ నంబరు తప్పనిసరి కాదు, ఇస్తే మంచిది. మాటలు యథాతథంగా ఎత్తితే మాత్రం పేజీ ఉండాల్సిందే.

ఉప్పల్ సైట్
మరి ఓనర్ ఫోన్ల చెప్పింది, మా ఆఫీసు రిజిస్టర్ల ఉన్నది ఎట్ల చూపియ్యాలె? గవి పుస్తకాలు గావు గద.

గ్రంథాలయం మెట్లు
మంచి ప్రశ్న. చదివేవాళ్లు వెతికి పట్టుకోలేని ఫోన్ మాట, ఈమెయిలు లాంటివి ఏపీఏలో వ్యక్తిగత సంభాషణ కింద పోతాయి. వాక్యం దగ్గరే ఎవరు చెప్పారో, ఏ తేదీనో రాస్తారు. చివరి జాబితాలోకి ఎక్కించరు. బయటివాళ్లకు దొరకని ఆఫీసు రిజిస్టరుకూ అంతే. రాసే ముందు ఓనరు అనుమతి అడుగు, లేదంటే ఇంకో లొల్లి.

తార్నాక అమ్మాయి
ఇంకొక సందేహం. ‘ప్రాజెక్టు’ నిర్వచనం మొదటి అధ్యాయంలో అందరూ రాస్తారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సంస్థ పీఎంఐ వారి పీఎంబాక్ గైడ్‌లో అది ‘టెంపరరీ ఎండెవర్’ అని ఉంటుంది. ఒకమ్మాయి దాన్ని ‘స్వల్పకాలిక ప్రయత్నం’ అనే అర్థం వచ్చేలా మార్చింది. పదాలు కొత్తవే, పేరు కూడా ఇచ్చింది. అయినా నాకేదో తేడాగా అనిపించింది.

మెతుకుసీమ
తేడాయే మరి! అక్కడ టెంపరరీ అంటే కొద్దికాలం అని కాదు, మొదలూ తుదీ ఉన్నది అని. మన మెట్రో మొదటి దశ సంగతే చూడు. తొలి మార్గం 2017 నవంబరులో తెరిచారు, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మార్గం 2020 ఫిబ్రవరిలో. కట్టడానికే ఏండ్లు పట్టింది, అయినా ప్రాజెక్టే. కట్టడం అయిపోతుంది కనుక. రోజూ రైళ్లు నడపడం ప్రాజెక్టు కాదు, దానికి తుది లేదు. ‘తాత్కాలికం’ అన్నా మన చెవికి ‘ప్రస్తుతానికి సర్దుబాటు’ అన్నట్టే వినిపిస్తుంది. ‘ఆద్యంతాలున్న’ అంటే సరిపోతుందేమో.

గ్రంథాలయం మెట్లు
అందుకే నిర్వచనం జోలికి పోవద్దంటాను. కొటేషన్‌లో పెట్టి, ఏ ముద్రణో, ఏ పేజీయో చెప్పాలి. 2017లో వచ్చిన ఆరో ముద్రణకూ 2021లో వచ్చిన ఏడో ముద్రణకూ పుస్తకం కూర్పే మారిపోయింది. గైడ్‌ను స్వయంగా చూడకుండా ఏ వెబ్‌సైటులోనో చదివి పీఎంబాక్ పేరు వేస్తే అదీ తప్పే. ఎక్కడ చదివారో ఆ పేరే చెప్పాలి, ‘ఫలానావారు ఉటంకించినట్టు’ అని.

మెతుకుసీమ
మల్లినాథసూరి మా సీమవాడే. కోలాచలం వంశం, మెదక్ దగ్గర కొల్చారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం మొదలుపెడుతూ ‘నామూలం లిఖ్యతే కించిత్’ అన్నాడు: మూలం లేనిది ఏదీ రాయను అని. మూలం తాను చూడాలి కదా మరి.

సీసపద్యం
అన్నట్టు, నా పాత రిపోర్టులోని పేరాలు నేనే కొత్త రిపోర్టులో వాడుకుంటే? నాది నేనే దొంగిలించినట్టా?

గ్రంథాలయం మెట్లు
దాన్నీ తప్పుగానే చూస్తారు, ముందటి రిపోర్టు పేరు చెప్పకపోతే. ఎంతవరకు వాడుకోవచ్చన్నది రిపోర్టు రాయించే గైడుగారిని అడగాల్సిందే. సైటు వర్ణన లాంటిది ప్రతిసారీ కొత్తగా రాయమనడం చాదస్తమేనని నా అభిప్రాయం, మా లైబ్రరీలోనే ఒప్పుకోనివాళ్లున్నారు.

తార్నాక అమ్మాయి
రేపు బోర్డు మీద ‘తాత్పర్యం రాయండి, కవి పేరు మరవకండి’ అని రాస్తాను.

ఉప్పల్ సైట్
అక్కా, గా ఇంగ్లీష్ మీడియం పిలగాండ్లకు తాత్పర్యం అంటే ఏందో మళ్ల నువ్వే చెప్పాలె.