పన్నెండేళ్ల పిల్లి బాగా తింటూనే చిక్కిపోతోంది. ముసలితనమేనా?

సరిత, కరీంనగర్:
మా పిల్లి పండుకు ఈ సంక్రాంతితో 12 ఏళ్లు నిండాయి. నిరుడు టీకాకు తీసుకువెళ్లినప్పుడు 4.2 కిలోలు తూగింది. మొన్న తూచితే 3.6 కిలోలే ఉంది. తిండి తగ్గలేదు, పైగా తెల్లవారుజామున నాలుగింటికే గిన్నె దగ్గర కూర్చుని ఇల్లంతా లేపుతోంది. మా అత్తయ్య మాత్రం, "పిల్లికి ఒక ఏడు మనకు ఏడేళ్లు. అంటే దానికి 84. ఆ వయసులో చిక్కిపోకుండా ఎవరుంటారు?" అంటున్నారు. ఈ లెక్క నిజమేనా? ముసలి పిల్లికి తిండి మార్చాలా?

మూర్తి, కాకినాడ:
ఏడుతో హెచ్చవేయడం తప్పండీ. పిల్లికి మొదటి ఏడాదికే మన లెక్కలో 15 వస్తాయి, రెండో ఏడాదికి 24. అక్కడి నుంచి ఏడాదికి నాలుగు చొప్పున కలుపుకోవాలి. మీ పండుకు 24కు పైన పది నాలుగులు, మొత్తం 64. ఈ వయసులో పిల్లులకు మూత్రపిండాలే ముందు పోతాయి. కాబట్టి చేప, కోడిమాంసం తగ్గించి పెరుగన్నం అలవాటు చేయండి. మా పిల్లిని అలాగే సాకాం, 18 ఏళ్లు బతికింది.

విజయలక్ష్మి, గుంటూరు:
నేను ఇరవై ఏళ్లకు పైగా పశువైద్యశాలలో పనిచేశాను. మూర్తిగారి వయసు లెక్క సరైనదే. సలహా మాత్రం సరితగారు దయచేసి పాటించవద్దు.

ముందు బరువు సంగతి. 4.2 కిలోలలో 600 గ్రాములు అంటే ఏడో వంతు. 60 కిలోల మనిషి ఒక్క ఏడాదిలో ఎనిమిదిన్నర కిలోలు తగ్గినట్లు. అరవై నాలుగేళ్ల మీ బంధువు ఎవరైనా కడుపునిండా తింటూనే అంత తగ్గితే వయసని ఊరుకుంటామా? షుగరో, థైరాయిడో అని పరీక్షకు తీసుకువెళతాం. పిల్లికీ అనుమానించవలసినవి ముందుగా అవే. ఆకలి పెరిగి ఒళ్లు తగ్గడం, తెల్లవారకుండానే అరవడం, ఒకచోట నిలవకపోవడం, ఇవన్నీ కలిస్తే పదేళ్లు దాటిన పిల్లిలో నేను మొదట థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో అని చూస్తాను. ఇవాళ్టి నుంచి రెండు విషయాలు గమనించండి: నీళ్ల గిన్నె మునుపటికంటే త్వరగా ఖాళీ అవుతోందా, ఇసుక పెట్టెలో మూత్రపు ముద్దలు పెద్దవవుతున్నాయా. అవునంటే మూత్రపిండాలనూ షుగరునూ కూడా చూడాలి.

పెరుగన్నం మాట. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోనే అందాలి. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు, పెరుగులో ఉన్నది చాలదు. నెలల తరబడి అందకపోతే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. పైగా బాగా ముసలి పిల్లులు తిన్న మాంసకృత్తులను అంత బాగా అరిగించుకోలేవు, అందువల్ల వాటికి మంచి మాంసాహారం ఇంకా అవసరం. మూత్రపిండాల జబ్బు పరీక్షలో తేలిన పిల్లికి భాస్వరం తగ్గించిన ప్రత్యేక ఆహారం ఇస్తారు. తేలకముందే ముందుజాగ్రత్త అని మాంసం మానిపిస్తే కండ ఇంకా కరిగిపోతుంది.

రమ్య, హైదరాబాద్:
మాది కూడా ఇదే సమస్య అక్కా, కాకపోతే తిరగబడింది! మాది ఎనిమిది నెలల పిల్ల. ఒళ్లు తగ్గలేదు, రెండు వారాలుగా పొట్ట మాత్రం ఉబ్బుతోంది. నులిపురుగులేమో, ఏ మందు వేయాలి? ఇంకా పసిపిల్ల కదా అని ఆపరేషన్ చేయించలేదు.

విజయలక్ష్మి:
రమ్యా, నీ పసిపిల్ల మన లెక్కలో పదమూడేళ్లదమ్మా. పిల్లులకు నాలుగైదు నెలలకే ఎద రావచ్చు, అందుకే ఐదో నెలలోపే ఆపరేషన్ చేయించమంటాం. బయటికి వెళ్లి వస్తుంటే అది పురుగుల పొట్ట కాకపోవచ్చు. చనుమొనలు గులాబీరంగులోకి తిరిగాయేమో చూడు. చూపించకుండా ఏ మందూ వేయకు.

రమ్య:
తిరిగాయి. అమ్మకు ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

మూర్తి:
పెరుగన్నం మీద నాకు ఇంకా సందేహమే. మా పిల్లి 18 ఏళ్లు బతికిన మాట నిజం.

విజయలక్ష్మి:
అది బయట తిరిగేదా మూర్తిగారూ?

మూర్తి:
తిరిగేది. పక్కవారి చేపల బుట్ట దగ్గర పంచాయితీలు కూడా అయ్యాయి.

విజయలక్ష్మి:
అయితే అసలు భోజనం అక్కడ చేసి, మీ ఇంట్లో పెరుగన్నంతో ముగించేదన్నమాట.

సరిత (తొమ్మిది రోజుల తరువాత):
రక్తపరీక్ష చేయించాం. షుగర్ లేదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. థైరాయిడ్ పరిమితి దాటలేదు కానీ పై అంచు దగ్గర ఉంది, నెల తరువాత మళ్లీ చేయాలన్నారు. మూత్రపిండాలు బాగున్నట్లే కదా? ఇంకో సంగతి. పండు ఇదివరకు బీరువా మీదికి ఒక్క దూకు దూకేది. ఇప్పుడు కుర్చీ, బల్ల, అక్కడి నుంచి బీరువా. నడుము దగ్గర బొచ్చు కూడా ఉండలు కడుతోంది. ఇదైనా వయసేనా?

విజయలక్ష్మి:
క్రియాటినిన్ చూసి నిశ్చింతగా ఉండలేం. అది కండ నుంచి వచ్చే పదార్థం, కండ కరిగిన పిల్లిలో సహజంగానే తక్కువ కనిపిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైతే మూత్రపిండాల గుండా రక్తం జోరుగా పారి, ఉన్న జబ్బును కప్పేస్తుంది కూడా. థైరాయిడ్ మందు మొదలుపెట్టాక అప్పుడు మూత్రపిండాల లోపం బయటపడిన పిల్లులను చూశాను. అందుకే మూత్రం చిక్కదనం కూడా చూడమని అడగండి. ఇసుక తీసేసి పెట్టెను కడిగి ఆరబెట్టి, అడుగున కొద్దిగా కడిగిన అక్వేరియం గులకరాళ్లు వేయండి. అవి మూత్రాన్ని పీల్చవు, సూది లేని సిరంజితో తీసుకోవచ్చు. థైరాయిడ్ అంచు దగ్గర ఉండడమంటే లేదని కాదు. తొలిదశలో ఆ సంఖ్య పైకీ కిందికీ ఊగుతుంది, వేరే జబ్బు తోడైతే ఇంకా తగ్గి కనిపిస్తుంది.

బీరువా విషయం కీళ్ల నొప్పి కావచ్చు. పిల్లి కుంటదు, మూలగదు, దూకడం మానేస్తుంది. వెనక్కి వంగి నాకలేక నడుము దగ్గర బొచ్చు ఉండకడుతుంది. గోళ్లు కూడా చూడండి, గీకడం తగ్గితే మందంగా పెరిగి పాదంలోకి గుచ్చుకుంటాయి. పెట్టె అంచు ఒకవైపు తగ్గించండి, నీళ్లు, పడక కింద అంతస్తులోనే పెట్టండి. నొప్పి మందు మాత్రం డాక్టరే ఇవ్వాలి. మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీస్తుంది.

అనిల్, నిజామాబాద్:
మా కుక్కకు తొమ్మిదేళ్లు. దానికీ ఇదే లెక్కనా?

మూర్తి:
కుక్కకు వేరండీ, జాతి పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఈసారి సలహా ఇవ్వను.

సరిత:
మూత్రం ఇవాళ ఉదయం పట్టగలిగాం, మూడో ప్రయత్నంలో. ఇంట్లో బరువు ఎలా చూడమంటారు? నేను ఎత్తుకుని త్రాసు మీద నిలబడితే ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది.

విజయలక్ష్మి:
మన త్రాసు వందల గ్రాములు అటూ ఇటూ అవుతుంది, మీకు కావలసింది యాభై గ్రాముల తేడా. ప్రయాణాల పెట్టెలు తూచే కొక్కెం త్రాసుకు బుట్ట తగిలించి పండును కూర్చోబెట్టండి, తరువాత ఖాళీ బుట్ట బరువు తీసేయండి. వారానికి ఒకసారి, తిండికి ముందు తూచి కాగితం మీద రాసిపెట్టండి. మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకువెళ్లండి.

సరిత:
బుట్టలో కూర్చుంది. 3.55.